ఎడమ చెవి వెనక చుక్క

ఆ ఏడాది వానలకి యనమదుర్రు డ్రెయిన్ పొంగి, భీమవరంలో మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోకి మోకాలి లోతు నీళ్ళొచ్చాయి. 203లో ఉండే కాంతం పిన్నిగారు జాకెట్లు కుడతారు. కస్టమర్ల గుడ్డల మూట స్కూటీ డిక్కీలో ఉండిపోయిందని చీకట్లోనే దిగారు. జారిపోతూ గోడ పట్టుకోబోతే చెయ్యి మోటారు స్టార్టర్ పెట్టెకి తగిలింది. వాచ్‌మన్ నూకరాజు వెదురు కర్రతో గట్టిగా నెట్టబట్టి బతికారు. అరచేతిలో చిన్న బొబ్బ తప్ప ఇంకేం కాలేదు.

వారానికి మొదలైంది అది. ఎడమ చెవి వెనక చల్లగా ఒక చుక్క పడేది. తుడుచుకుంటే చెయ్యి పొడిగా ఉండేది. కాసేపటికి మళ్ళీ ఇంకో చుక్క. మిషన్ మీద కూర్చుంటే చుక్క పడినప్పుడల్లా మెడ ఉలిక్కిపడి కుట్టు వంకర పోయేది. ఒక పెళ్ళికూతురి జాకెట్ చంక దగ్గర మూడుసార్లు విప్పి కుట్టారట. డాక్టరు గారు చెవిలో లైటు వేసి చూసి శుభ్రంగా ఉందన్నారు. రాత్రిళ్ళు నిద్ర లేదు.

ఒకరోజు 402లో జాకెట్ ఇవ్వడానికి వెళ్ళారు. ఆ ఇంటి వంటింట్లో కుళాయి కారుతోంది. టప్... చెవి వెనక చల్లగా. టప్... మళ్ళీ చల్లగా. దగ్గరికెళ్ళేకొద్దీ చుక్క మంచుముక్కలా అయిందట. కుళాయి బిగించారు. ఆగిపోయింది. అయితే ఇంకో చుక్క, వేరే తాళంలో, ఎక్కణ్ణుంచో వస్తూనే ఉంది.

మా బిల్డింగ్‌లో నలభై ఇళ్ళు. ఏ ఇంట్లో కుళాయి కారినా ఆవిడకి తెలిసిపోయేది.

అర్ధరాత్రి తలుపు తట్టి "మీ బాత్రూంలో కుళాయి కారుతోందండి" అంటే ఎవరికి నచ్చుతుంది చెప్పండి? "మా ఇంట్లో కుళాయి సంగతి ఈవిడకెందుకండీ బాబూ" అని మొహం మీదే అనేశారు చాలామంది. ఆవిడ పడ్డారు. ప్లంబర్ దగ్గర కూర్చుని పని నేర్చుకున్నారు. వాల్వ్ కట్టెయ్యడం, పానాతో కుళాయి తల విప్పడం, అరిగి గుంట పడిన రబ్బరు వాషర్‌ని గుండుసూదితో లాగి కొత్తది కూర్చోబెట్టడం, మరలకి తెల్ల టేపు నాలుగు చుట్లు చుట్టడం. కత్తెర పట్టిన చెయ్యి కదా, వేగంగా వచ్చేసింది. అద్దకం చీర చెంగులో వాషర్లు ముడేసుకుని తిరిగేవారు.

మా ఇల్లు 501. అద్దెకుండేవాళ్ళం, ఏడుగురం. ఏప్రిల్‌లో కాలువలు కట్టేశాక మా వైపు నీళ్ళకి కటకట. బోరు నీళ్ళు ఉప్పన, అన్నం వండడానికి పనికిరావు. మున్సిపాలిటీ నీళ్ళే దిక్కు. ఆ ఏడాది, రాత్రి నిండుగా ఉన్న పైట్యాంకు తెల్లారి ఐదింటికల్లా ఖాళీ అయిపోయేది.

ఆదివారం పార్కింగ్‌లో మీటింగ్ పెట్టారు. మా నాన్న రొయ్యల చెరువు దగ్గర పని చేసి అర్ధరాత్రి వస్తాడు. "పన్నెండింటికి స్నానాలేంటండి? ఏడుగురు మనుషులు, ఎన్ని నీళ్ళు పోస్తున్నారో!" అన్నారు. నెలాఖరుకి ఖాళీ చెయ్యమన్నారు. అమ్మ పమిట కొంగు వేలికి చుట్టుకుంటూ నిలబడింది. మా నాన్న ఒంటి మీద రొయ్యల మేత వాసన నాకప్పుడు ఎంత సిగ్గేసిందో, ఇప్పటికీ ఆ సిగ్గుకి బాధపడతాను.

"501లో చుక్క నీరు కూడా కారదండి," అన్నారు కాంతం పిన్నిగారు.

"మీకెలా తెలుసు?"

ఆవిడ నిజం చెప్పారు. చెవి వెనక చుక్క గురించి, నలభై ఇళ్ళ ముందు. ఎవరో నవ్వారు. ఆవిడ గొంతు వణికింది కానీ మాట ఆగలేదు. "పది రోజులుగా చుక్క కాదు, ధార. ఏ ఇంట్లోదీ కాదది. పట్టుకోలేకపోతున్నాను."

ఆ రాత్రి రెండింటికి నేనే టార్చి పట్టుకుని వెంట వెళ్ళాను. మెట్లు ఎక్కేకొద్దీ ఆవిడ మెడ ఒక పక్కకి వంగిపోతోంది, పళ్ళు కొట్టుకుంటున్నాయి. డాబా మీద ట్యాంకు చుట్టూ అంతా పొడిగానే ఉంది. పిన్నిగారు ట్యాంకు కింద చెయ్యి పెట్టి తడుముతూ వెళ్ళి, ట్యాంకు కడిగినప్పుడు నీళ్ళు వదిలే వాల్వ్ దగ్గర ఆగారు. దాని పైపు తిన్నగా వాన నీళ్ళ గొట్టంలోకి దిగుతుంది. గొట్టానికి చెవి ఆనిస్తే లోపల సన్నగా సుయ్‌మంటోంది. నీళ్ళన్నీ ఎవరికంటా పడకుండా డ్రైనేజీలోకి పోతున్నాయి. వాల్వ్ సగం తిరిగి పట్టేసింది. ఇద్దరం పానా పట్టుకుని వేలాడితే కిర్రుమని తిరిగింది.

ఆవిడ చెవి వెనక తుడుచుకుని చేతివంక చూసుకున్నారు. ట్యాంకుకి చేరబడి, కూర్చున్నచోటే నిద్రపోయారు. నేను లేపలేదు.

నాలుగున్నరకి ఉలిక్కిపడి లేచారు. "305," అన్నారు. పానా నా చేతిలోనే ఉంది.