గ్రాట్యుటీ, పెన్షన్ బకాయిల కేసు: హైకోర్టు తీర్పు సారాంశం

కేసు వేసిన పెద్దాయన హనుమకొండవాసి. వరంగల్‌లోని ఒక స్వయంప్రతిపత్తి సంస్థలో రికార్డ్ అసిస్టెంట్‌గా 2022 జూన్ 30న రిటైరయ్యారు. 2022 జూలై నుంచి పూర్తి పెన్షన్ రాలేదు, గ్రాట్యుటీ సగం దాకానే వచ్చింది. రెండున్నరేళ్లు కాజీపేటలో రైలెక్కి హైదరాబాద్ తిరిగారు. 2025 జనవరి 22న సింగిల్ జడ్జి తీర్పు ఇచ్చారు. ఆయన ఇంట్లోవాళ్లకు, తోటి రిటైర్డ్ ఉద్యోగులకు అర్థమయ్యేలా ఈ సారాంశం రాస్తున్నాను. పిటిషనర్, సంస్థ పేర్లు కావాలనే రాయలేదు.

ఆయన 1989 నవంబర్ 1న రోజువారీ కూలీపై చేరారు. 1994 జూలై 1న పర్మనెంట్ చేశారు. గొడవంతా ఈ రెండు తేదీల మధ్య ఉన్న 4 ఏళ్ల 8 నెలల దగ్గరే. అది సర్వీసే కాదని సంస్థ వాదన. అందుకే 28 ఏళ్లకే, అదీ డీఏ కలపకుండా బేసిక్ 41,600 మీదే గ్రాట్యుటీ లెక్కకట్టి, 6,72,000 అంది. అందులోంచి, 2009లో పొరపాటున ఇచ్చారని ఆడిట్‌లో అభ్యంతరం వచ్చిన ఇంక్రిమెంట్ పేరుతో 1,86,000 కోసి, 4,86,000 చేతిలో పెట్టింది. ఆ ఆడిట్ అభ్యంతరం తేలేదాకా అని పెన్షన్ కూడా 75 శాతమే ఇస్తూ వచ్చింది.

గ్రాట్యుటీ కోసం ముందు కార్మిక శాఖ అధికారి దగ్గరికి వెళ్లాల్సిందన్న సంస్థ అభ్యంతరాన్ని కోర్టు ఒప్పుకోలేదు. వాస్తవాల మీద వివాదం లేదు, పెన్షన్ కూడా ఇదే గొడవతో ముడిపడి ఉంది, ఈ వయసులో మళ్లీ మొదటి మెట్టుకు పంపడం న్యాయం కాదంది.

ఆయన రిటైరైనప్పుడు అమల్లో ఉన్న గ్రాట్యుటీ చెల్లింపు చట్టం, 1972 ప్రకారం ఏడాదికి 240 రోజులు పనిచేస్తే నిరంతర సర్వీసే. కూలీ కాలం నాటి మస్టర్ రోల్స్ సంస్థ దగ్గరే ఉన్నాయి, ఏ ఏడాదీ 240 రోజులకు తగ్గలేదు. మొత్తం 32 ఏళ్ల 8 నెలలు. చివరి ముక్క ఆరు నెలలు దాటింది కాబట్టి 33 ఏళ్లు. జీతమంటే బేసిక్, డీఏ రెండూ: 41,600 + 10,400 = 52,000. నెలకు 26 పనిదినాల లెక్కన ఏడాది సర్వీసుకు 15 రోజుల జీతం.

52,000 × 15 ÷ 26 × 33 = 9,90,000

ఇది 20 లక్షల పరిమితి లోపే ఉంది. ఇచ్చిన 4,86,000 పోగా రావాల్సింది 5,04,000.

కోత గురించి కోర్టు రాసిన పేరాలు నన్ను బాగా కదిలించాయి. ఇంక్రిమెంట్ తప్పు ఆఫీసుది, ఉద్యోగి దాచిందేమీ లేదు. 2014లో సుప్రీంకోర్టు రఫీక్ మసీహ్ కేసులో చెప్పినట్టు, కింది స్థాయి ఉద్యోగుల నుంచి, రిటైరైనవాళ్ల నుంచి, ఐదేళ్లు దాటిన అదనపు చెల్లింపులను వసూలు చేయకూడదు. ఈ మూడూ ఆయనకు వర్తిస్తాయి. గ్రాట్యుటీ, పెన్షన్ దయతో ఇచ్చేవి కావు, రాజ్యాంగం 300ఏ అధికరణ కింద ఆస్తి అని 2013 నాటి సుప్రీంకోర్టు తీర్పునూ గుర్తుచేసింది.

పెన్షన్ దగ్గర మాత్రం పిటిషనర్ తరఫున మేం అడిగిందంతా రాలేదు. ఇది సూటిగానే చెప్పాలి. కూలీ కాలాన్ని పెన్షన్‌కూ కలపాలన్నాం. సంస్థ పెన్షన్ నియమాలు పర్మనెంట్ సర్వీసునే లెక్కిస్తాయి, గ్రాట్యుటీ చట్టం వేరు అని కోర్టు తోసిపుచ్చింది. కాబట్టి 28 ఏళ్లే, అంటే 56 అర్ధ సంవత్సరాలు. బేసిక్‌లో సగం, అంటే పూర్తి పెన్షన్, రావాలంటే 66 కావాలి.

41,600 ÷ 2 × 56 ÷ 66 = 17,648.48, పై రూపాయికి సరిచేస్తే 17,649

ఇప్పటిదాకా ఇచ్చింది 13,237. నెలకు 4,412 తక్కువ. 2022 జూలై నుంచి 2024 డిసెంబర్ దాకా 30 నెలలకు 1,32,360. దీని మీద కరువు భత్యం తేడా విడిగా లెక్కకట్టాలి.

ఇక ఆదేశాలు. తీర్పు కాపీ అందిన 2 వారాల్లో సంస్థ లెక్కల షీటు పిటిషనర్‌కు ఇవ్వాలి. 6 వారాల్లో గ్రాట్యుటీ బకాయి 5,04,000ను 2022 జూలై 1 నుంచి చెల్లించే రోజుదాకా 10 శాతం సాధారణ వడ్డీతో బ్యాంకు ఖాతాలో వేయాలి. నెలకు వడ్డీ 4,200, 2024 డిసెంబర్ చివరికే 1,26,000 అయింది. పెన్షన్ తేడాను ప్రతి నెలా అది రావాల్సిన తేదీ నుంచి 6 శాతం వడ్డీతో అదే గడువులో ఇవ్వాలి. 2025 జనవరి పెన్షన్ నుంచి పూర్తి 17,649 చెల్లించాలి. ఆడిట్ అభ్యంతరం పేరుతో ఇకపై ఏ కోతా పెట్టకూడదు. గడువు దాటితే పెన్షన్ బకాయి మీద వడ్డీ 9 శాతం అవుతుంది. ఈలోపు పిటిషనర్‌కు ఏమైనా అయితే మొత్తం ఆయన భార్యకు చెందుతుంది. కోర్టు ఖర్చులు ఎవరివి వారివే.