వరలక్ష్మీ వ్రతం: మా నగల దుకాణం నుంచి మూడు పోస్టులు

మొదటిది
శివుడు పార్వతికి చెప్పిన కథ ఇది. కుండిన నగరంలోని చారుమతికి వరలక్ష్మి కలలో కనిపించి, శ్రావణ పౌర్ణమికి ముందు వచ్చే శుక్రవారం తనను పూజించమంది. చారుమతి ఒక్కతే చేసుకోలేదు, ఊరి ఆడవాళ్లను కలుపుకుంది.

రెండోది
బియ్యంపై కలశం, అందులో అమ్మవారి ఆవాహన. కుడిచేతికి తొమ్మిది పోగుల, తొమ్మిది ముడుల తోరం. మొదటి ప్రదక్షిణకు కాళ్ల గజ్జెలు ఘల్లుమన్నాయి. రెండోదానికి చేతులకు నవరత్న కంకణాలు, మూడోదానికి ఒంటినిండా నగలు. గమనించారా? నగలు పూజ చేశాకే వచ్చాయి. ముందే కొనాలని కథలో లేదు. నగలు అమ్మేవాళ్లమే చెబుతున్నాం!

మూడోది
లక్ష్మీ రూపు కొనడం కొన్ని ఇళ్ల ఆనవాయితీ. అలాంటివారికి గురువారం రాత్రి వరకు రూపులపై మజూరీ సగమే. కలశానికి ఇంట్లోని రాగిచెంబు చాలు.