14వ నిబంధన: ధరల సవరణ

14.1 రాజమహేంద్రవరం ఫంక్షన్ హాల్ పనికి ఒప్పుకున్న 2,40,00,000 రూపాయలు (జీఎస్టీ కాకుండా) ఫిక్స్‌డ్ ధర. ఈ నిబంధన ప్రకారం తప్ప దాన్ని పెంచమని కాంట్రాక్టర్ గానీ తగ్గించమని యజమాని గానీ అడగకూడదు. దుకాణంలో ఏ రేటుకు కొన్నారు, మేస్త్రీకి ఎంత కూలి ఇచ్చారు అనే బిల్లులు ఇక్కడ లెక్కలోకి రావు. ఇండెక్సులే లెక్క.

14.2 టెండర్ దాఖలుకు ఆఖరి తేదీ 2025 మార్చి 10 కాబట్టి బేస్ నెల 2025 మార్చి. మూడు నెలలకోసారి, ఆ మూడు నెలల సగటు ఇండెక్సుతో సవరణ ఇలా కట్టాలి:

```
V = W × [0.25(L−L0)/L0 + 0.12(C−C0)/C0
       + 0.16(S−S0)/S0 + 0.27(M−M0)/M0]
```

W అంటే ఆ మూడు నెలల్లో కొలిచి ఒప్పుకున్న పని విలువ. యజమాని స్వయంగా ఇచ్చిన సామాను విలువ, అప్పటి మార్కెట్ రేటుకే ఒప్పుకున్న అదనపు పనుల విలువ ఇందులోంచి తీసేయాలి. L లేబర్ బ్యూరో ప్రకటించే పారిశ్రామిక కార్మికుల వినియోగదారుల ధరల సూచీ (అఖిల భారత, బేస్ 2016). మిగిలినవి కేంద్ర వాణిజ్య శాఖ ఆర్థిక సలహాదారు కార్యాలయం ఇచ్చే టోకు ధరల సూచీలు: C సిమెంట్, లైమ్, ప్లాస్టర్, S మైల్డ్ స్టీల్ లాంగ్ ప్రొడక్ట్స్, M అన్ని సరుకులు. 0 ఉన్నవి బేస్ నెల అంకెలు. మిగిలిన 20 శాతం కాంట్రాక్టర్ లాభం, ఆఫీసు ఖర్చులు, అది కదలదు.

14.3 V విలువ W లో 2 శాతం లోపు ఉంటే ఎవరూ ఎవరికీ ఏమీ ఇవ్వక్కర్లేదు. దాటితే, దాటిన మేరకే ఇవ్వాలి. ధరలు తగ్గినా ఇదే లెక్క. ఆ మొత్తాన్ని యజమాని తర్వాతి బిల్లులో కోసుకుంటారు. ఊహాజనిత అంకెలతో ఉదాహరణ: W 40,00,000 అనుకుందాం. కూలి సూచీ 5 శాతం, స్టీలు 10 శాతం, ఇతర సామాను 4 శాతం పెరిగి సిమెంటు 5 శాతం తగ్గితే V 3.33 శాతం, అంటే 1,33,200. అందులో 80,000 కాంట్రాక్టర్ భరిస్తారు, 53,200 యజమాని ఇస్తారు. పని మొత్తం మీద సవరణ ఎటువైపైనా 24,00,000 మించదు.

14.4 గడువు 2026 అక్టోబర్ 31. కాంట్రాక్టర్ వల్ల ఆలస్యమైతే ఆ తర్వాతి పనికి 2026 అక్టోబర్ ఇండెక్సు, పని జరిగిన కాలం ఇండెక్సు, ఈ రెండింటిలో ఏది తక్కువైతే అది. యజమాని స్థలం అప్పగించకపోవడం వల్ల గానీ డ్రాయింగులు ఇవ్వకపోవడం వల్ల గానీ ఆలస్యమైతే మామూలు లెక్కే సాగుతుంది.

14.5 తాత్కాలిక అంకెలతో బిల్లు చెల్లించి, తుది అంకెలు వచ్చాక తేడా సర్దుకోవాలి. బేస్ సంవత్సరం మారితే, ప్రచురించిన కార్యాలయమే ఇచ్చే లింకింగ్ ఫ్యాక్టర్ వాడాలి. జీఎస్టీ రేటు మార్పు ఈ లెక్కలో కలవదు; దానికి 15వ నిబంధన వర్తిస్తుంది.

14.6 ఇండెక్సుల ప్రింటు, లెక్క కాగితం జతచేసి బిల్లు ఇచ్చిన 21 రోజుల్లో యజమాని చెల్లించాలి. లెక్కలో తేడా ఉందనిపిస్తే, ఒప్పుకున్నంత వరకు చెల్లించి మిగతాది 10 రోజుల్లో రాతపూర్వకంగా తెలపాలి. ఈ తగాదా పేరుతో పని ఆపకూడదు.