మారకపు రేటు, విదేశీ చెల్లింపుల శేషం: ఎగుమతిదారు క్విజ్

5 ప్రశ్నలు, 10 మార్కులు, 25 నిమిషాలు. కాలిక్యులేటర్ వాడొచ్చు.

సందర్భం: యూరో వాడే దేశంలోని ఒక కంపెనీ నీటి పంపులు తయారుచేసి అమెరికాకు అమ్ముతుంది. పంపు ధర 800 యూరోలు, తయారీ ఖర్చు 680. ఆ ఖర్చులో 200 యూరోలు డాలర్లలో కొనే మోటారు భాగాలవి. ఖర్చంతా చర వ్యయమే అనుకోండి. మూడు నెలల్లో 1 యూరో విలువ 1.10 డాలర్ల నుంచి 1.20కి పెరిగింది.

1. యూరో ధర మార్చకపోతే అమెరికా కొనుగోలుదారుకు పంపు ఎన్ని డాలర్లు పడుతుంది? (1)
అ) 667 ఆ) 880 ఇ) 960

2. డాలర్ ధరను 880 దగ్గరే ఉంచితే పంపుకు లాభం ఎన్ని యూరోలు? (2)
అ) 53.33 ఆ) 70 ఇ) 120

3. నెలకు 1,000 పంపులు అమ్ముడవుతున్నాయి. డిమాండ్ ధర వ్యాకోచత్వం 1.5. యూరో ధర నిలపడం మేలా, డాలర్ ధర నిలపడమా? లెక్కతో చూపండి. (3)

4. రేటు 1.10 ఉన్నప్పుడే 2,22,000 డాలర్ల సరుకును 90 రోజుల అరువుపై అమ్మి, ఆ డాలర్లను 1.11కి ఫార్వర్డ్‌లో అమ్మేశారు. గడువు నాటి రేటు 1.20. ఎంత కలిసొచ్చింది? (2)

5. యూరో పెరగకుండా పడిపోయి ఉంటే, మొదటి నెలల్లో దేశం కరెంటు ఖాతా ఎందుకు దిగజారవచ్చు? (2)

జవాబులు

1. ఇ. 800 × 1.20. భాగించినవారికి 667 వస్తుంది.

2. ఆ. రాబడి 880 ÷ 1.20 = 733.33. భాగాల ధర 220 డాలర్లు, అంటే ఇప్పుడు 183.33 యూరోలు, మొత్తం ఖర్చు 663.33. చాలామంది ఖర్చును 680గానే ఉంచి 53.33 రాస్తారు. దిగుమతి భాగాలు చౌకవడం ఎగుమతిదారుకు దెబ్బను కొంత తగ్గిస్తుంది. దాన్ని మరిస్తే మార్కులు పోతాయి.

3. డాలర్ ధర 9.09% పెరిగితే అమ్మకాలు 13.6% తగ్గి సుమారు 864కి వస్తాయి. పంపుకు లాభం 800 − 663.33 = 136.67. మొత్తం సుమారు 1,18,080 యూరోలు. డాలర్ ధర నిలిపితే 1,000 × 70 = 70,000 మాత్రమే. కాబట్టి యూరో ధర నిలపడమే మేలు. వ్యాకోచత్వం 1 కన్నా ఎక్కువ కనుక ధర పెంచకూడదని రాయడం తప్పు: ఆ సూత్రం రాబడి గురించి చెబుతుంది, లాభం గురించి కాదు. అయితే పోయిన కొనుగోలుదారులు తిరిగి రాకపోవచ్చని రాసినవారి జవాబు ఇంకా బలంగా ఉంటుంది.

4. 2,22,000 ÷ 1.11 = 2,00,000; ఒప్పందం లేకుంటే 1,85,000. కలిసొచ్చింది 15,000 యూరోలు. రేటు 1.05కి పడి ఉంటే ఇదే ఒప్పందం వల్ల సుమారు 11,429 యూరోలు చేజారేవి. చెల్లింపుల శేషంలో ఈ అమ్మకం, డబ్బు చేతికొచ్చిన రోజున కాకుండా సరుకు యాజమాన్యం మారిన రోజునే కరెంటు ఖాతాలో జమవుతుంది. రావలసిన బాకీ ఆర్థిక ఖాతాలో విదేశీ ఆస్తిగా నమోదవుతుంది.

5. దిగుమతుల బిల్లు యూరోల్లో వెంటనే పెరుగుతుంది. పాత ఆర్డర్ల పరిమాణాలు మాత్రం కదలవు: ఇదే జె వక్రరేఖ. ఎగుమతి, దిగుమతి డిమాండ్ల వ్యాకోచత్వాల మొత్తం 1 దాటాకే ఖాతా మెరుగుపడుతుంది (మార్షల్–లెర్నర్ షరతు). కాలవ్యవధికి 1 మార్కు, షరతుకు 1.