2026 సీజన్ తేజ, చపాటా ఎండుమిర్చి సరఫరాకు ప్రతిపాదన

నర్సంపేట, వరంగల్ జిల్లా
తేదీ: 18 డిసెంబర్ 2025

కొనుగోళ్ల మేనేజర్ గారికి,
మసాలా పొడుల ఫ్యాక్టరీ, హైదరాబాద్

విషయం: జనవరి నుంచి ఏప్రిల్ వరకు 1,500 క్వింటాళ్ల ఎండుమిర్చి

అయ్యా,

నమస్కారం. మా మిర్చి రైతుల సహకార సంఘం తరఫున ఈ సీజన్‌లో మీకు తేజ రకం 1,200 క్వింటాళ్లు, చపాటా 300 క్వింటాళ్లు ఇవ్వగలం. సంఘంలో 186 మంది సభ్యులున్నారు. తేజ 150 ఎకరాల్లో, చపాటా 50 ఎకరాల్లో ఉంది. అక్టోబర్ చివర మొంథా తుపాను వానలకు పల్లపు తోటల్లో నీళ్లు నిలిచి వేర్లు కుళ్లాయి. అందుకే తేజకు ఎకరానికి 12, చపాటాకు 10 క్వింటాళ్లకు మించి లెక్క వేయలేదు. ఆ దిగుబడిలో కూడా మూడో వంతుకు పైగా మీకు మాట ఇవ్వకుండా పక్కన పెట్టాం. నల్ల తామర పురుగు మళ్లీ లేచినా పై పరిమాణం తగ్గకూడదన్నదే మా ఉద్దేశం.

తేజలో గ్రేడ్లు మూడు. ఏ గ్రేడు 840 క్వింటాళ్లు: మొదటి, రెండో ఏరుడు కాయ, నిండు ఎరుపు, తేమ 10 శాతం లోపు, తాలు 1 శాతం, విరిగిన కాయ 3 శాతం మించదు. బీ గ్రేడు 270 క్వింటాళ్లు: ఎక్కువగా మూడో ఏరుడు, కాయ కాస్త పొట్టి, రంగు ఒక మెట్టు తక్కువ, తేమ 11 శాతం లోపు, తాలు 5 శాతం వరకు. మిగిలిన 90 క్వింటాళ్లు తాలు. దాన్ని కావాలంటేనే తీసుకోండి, మంచి కాయలో కలిపి పంపే పని మాత్రం మేం చేయం. ఏ గ్రేడు బస్తాకు ఎర్ర దారం, బీ గ్రేడుకు నీలి దారం కుట్టు వేస్తాం. రైతు సంఖ్య, ఏరుడు సంఖ్య, బస్తా కట్టిన తేదీ ముద్ర ఉంటాయి. ఏ మందు ఎప్పుడు కొట్టారో ఆ సంఖ్య మీద మా రిజిస్టరులో దొరుకుతుంది. ఏరుడుకు 15 రోజుల ముందే మందు ఆపాలని సభ్యులందరికీ షరతు పెట్టాం.

తేమ గురించి కొంచెం వివరంగా రాయాలి, ఎందుకంటే మిర్చి వ్యాపారంలో గొడవలన్నీ అక్కడే పుడతాయి. కల్లంలో టార్పాలిన్ మీద 10 నుంచి 14 రోజులు ఎండిన తేజ, మధ్యాహ్నం పూట పట్టుకుంటే పొడిపొడిగా విరుగుతుంది. ఆ సమయంలో బస్తాలో తొక్కితే గింజ రాలి పెంకులే మిగులుతాయి. కాబట్టి తెల్లవారుజామున, మంచుకు కాయ కాస్త మెత్తబడ్డాక నింపాలి. కొందరు ఆ మంచు కోసం ఆగరు, నీళ్లు చిలకరిస్తారు. రంగు నిగనిగలాడుతుంది, బరువూ పెరుగుతుంది, కానీ వారం తిరిగేసరికి బస్తా నడుమ వేడెక్కి బూజు పడుతుంది, అఫ్లాటాక్సిన్ వస్తుంది. మా గోదాములో నీళ్లు చల్లిన సరుకు దించనివ్వం. పిడికెడు కాయ పట్టి పిండి వదిలితే విప్పారి గింజ గలగలమనాలి. అది చూశాకే మీటరు పెట్టి తేమ రాసుకుంటాం.

చపాటాకు మరో జాగ్రత్త. కాయ లావు, కండ ఎక్కువ కాబట్టి పైన ఎండినట్టు కనిపించినా లోపల గింజ చుట్టూ తడి ఉంటుంది. దానికి తేజ కంటే నాలుగైదు రోజులు ఎక్కువ ఎండ పెడతాం. ప్రతి కుప్ప నుంచి 20 కాయలు నిలువునా చీల్చి లోపలి పొర తెల్లబడిందా, బూజు పట్టిందా చూస్తాం. ఒక్క కాయలో బూజు కనిపించినా ఆ కుప్ప మళ్లీ ఎండకే వెళ్తుంది. ఘాటు తక్కువ, రంగు ఎక్కువ కాబట్టి మీ పొడిలో రంగుకు చపాటా, కారానికి తేజ కలుపుకుంటే బయటి రంగుతో పని లేదు. వరంగల్ చపాటాకు 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అయితే ఆ ముద్ర మీ ప్యాకెట్ మీద వేయాలంటే అధీకృత వాడుకరిగా నమోదు కావాలి. అది పూర్తయ్యే వరకు బిల్లులో చపాటా అని మాత్రమే రాస్తాం.

ఒక లోడు అంటే 100 క్వింటాళ్లు, 40 కిలోల గోనె సంచులు 250. జనవరిలో తేజ 2 లోడ్లు, ఫిబ్రవరిలో 4, మార్చిలో 5, ఏప్రిల్‌లో 1. చపాటా ఫిబ్రవరిలో 1, మార్చిలో 2. జనవరి లోడ్లు రెండూ 24వ తేదీలోపు పంపేస్తాం. 28 నుంచి 31 వరకు మేడారం జాతర, ఆ వారం కూలీలు దొరకరు, రోడ్డు మీద లారీ కదలదు. ఫిబ్రవరి 8 దాకా మమ్మల్ని లోడు అడగొద్దని మనవి.

ధర విషయానికి వస్తే, లోడు బయలుదేరే ముందరి మూడు మార్కెట్ రోజుల ఏనుమాముల తేజ మోడల్ ధరల సగటు లెక్క. ఏ గ్రేడుకు ఆ సగటు మీద క్వింటాలుకు 600 రూపాయలు అదనం, బీ గ్రేడుకు సగటు ధరే. ఏ గ్రేడుకు 13,000 రూపాయల కంటే కింద ఇవ్వలేం. చపాటాకు రోజూ సరుకు రాదు, ధర ఊగిసలాడుతుంది, కాబట్టి ప్రతి లోడుకు 48 గంటల ముందు మాట్లాడుకుందాం. జీఎస్టీ బిల్లులో విడిగా ఉంటుంది. ఈ-వే బిల్లు మేమే తీస్తాం.

ఇవి నర్సంపేట గోదాము వద్ద ధరలు. ఎత్తుడు హమాలీ, దడ్వాయి ఖర్చు మావి, దారి కిరాయి, బీమా, దింపుడు కూలి మీవి. లారీ మీరు పంపినా మేం మాట్లాడినా, అంతకు ముందు ఎరువులో పురుగుమందో మోసిన బండి అయితే ఎక్కించం. ఆ వాసన గోనెకు పట్టిందంటే పొడి అయ్యాక కూడా వదలదు. మీ గేటు దగ్గర 24 గంటల్లో దించుకోవాలి, ఆలస్యమైతే బండి నిలుపుదల కిరాయి మీ ఖాతాలోకే.

తూకం మా వేబ్రిడ్జి మీద, మీ దగ్గర రెండుచోట్లా వేయిద్దాం. అర శాతం వరకు తేడా వస్తే మా తూకమే చెల్లుతుంది, అంతకు మించితే ఇద్దరి మనుషుల ముందు పది బస్తాలు మళ్లీ కాంటా పెడదాం. తరుగు ఒక్క కిలో కూడా ఒప్పుకోం. తరుగు తీస్తారని తెలిసిన చోట రైతు ఆ నష్టాన్ని ముందే నీళ్లతో పూడ్చుకోవాలని చూస్తాడు, చివరికి తడి సరుకు మీ మిల్లుకే చేరుతుంది. తేమ ఒప్పుకున్న దానికంటే ఎక్కువుంటే ధర తగ్గించండి, బరువు కొయ్యకండి.

నాణ్యతపై తగాదా రాకుండా, ఎత్తేటప్పుడే 25 బస్తాల కుట్లు విప్పి పై, నడుమ, అడుగు నుంచి కాయ తీసి మూడు సీలు సంచులు కడతాం. ఒకటి మీకు, ఒకటి మాకు, మూడోది ఇద్దరికీ సమ్మతమైన ల్యాబుకు. అభ్యంతరం ఉంటే దించిన మూడు రోజుల్లో రాతపూర్వకంగా చెప్పాలి. మిల్లులో పోశాక వచ్చే ఫిర్యాదుకు మేం బాధ్యులం కాదు. సరుకు పరీక్షలో తప్పితే వెనక్కి తెచ్చుకునే కిరాయి మాది.

చెల్లింపు: లారీ ఖాయం చేసిన రోజు 30 శాతం, మిగతాది దించిన ఏడు రోజుల్లో ఆర్టీజీఎస్ ద్వారా సంఘం ఖాతాకు. సభ్యులకు మేం పదో రోజు డబ్బు వేయాలి, అందుకే గడువు దాటితే నెలకు 1.5 శాతం వడ్డీ తప్పదు.

ఏప్రిల్ తర్వాత కూడా సరుకు కావాలంటే 300 క్వింటాళ్ల వరకు మీ పేరున కోల్డ్ స్టోరేజీలో పెట్టిస్తాం, అద్దె మీది. అక్కడి నుంచి తీసిన బస్తాను ఒక పగలు, ఒక రాత్రి మూసే ఉంచి బయటి వేడికి అలవాటు చేయాలి. వెంటనే విప్పితే చల్లటి కాయ మీద చెమట పట్టి రంగు నల్లబడుతుంది.

మొదటి ఏరుడు నమూనాలు, తేజ 2 కిలోలు, చపాటా 1 కిలో, జనవరి 8కల్లా మీకు అందేలా పంపుతాం. పరీక్ష చూసుకుని 13వ తేదీలోపు పరిమాణం ఖాయం చేస్తే జనవరి లోడ్లు మీ పేరున రాస్తాం. ఆ తేదీ దాటితే ఆ రెండు లోడ్లు ఏనుమాముల మార్కెట్‌కు పంపుతాం, ఫిబ్రవరి నుంచి మీ వంతు మొదలవుతుంది. మీ మనిషిని ఎప్పుడైనా కల్లాలు చూడటానికి పంపండి, ముందు రోజు చెబితే చాలు.

ఇట్లు,
కార్యదర్శి,
మిర్చి రైతుల సహకార సంఘం, నర్సంపేట