తలనొప్పి డైరీ: న్యూరాలజిస్టుకు చూపించడానికి

రోగి: స్త్రీ, 41 ఏళ్లు, ఉపాధ్యాయిని. బీపీ, షుగరు లేవు. మందుల అలర్జీ లేదు. అమ్మకూ పార్శ్వనొప్పి ఉండేది. నాకు ఎనిమిదేళ్లుగా అప్పుడప్పుడు వచ్చేది, ఏప్రిల్ నుంచి తరచుగా వస్తోంది. నెలసరి సరిగా రావడానికి ఫిబ్రవరి నుంచి హార్మోను మాత్రలు వాడుతున్నాను.

నేను రాయలేని రోజు ఇంట్లో ఎవరు రాసినా ఇలా రాయండి

"తల పగిలిపోతోంది" అని రాస్తే డాక్టరుకు ఏమీ తెలియదు. ఎన్నింటికి మొదలైంది, ఎక్కడ, ఎలాంటి నొప్పి, ఎప్పుడు తగ్గింది అన్నవి కావాలి. తీవ్రతకు 0 నుంచి 10 వరకు అంకె వేయండి. నా లెక్కలో 3 అంటే పాఠం చెప్పగలను, 6 అంటే కూర్చోవాల్సిందే, 9 అంటే చీకటి గదిలో పడుకోవాలి.

కారణం మనం తేల్చవద్దు. "ఎండ వల్ల వచ్చింది" అనకుండా "అరగంట ఎండలో నిలబడింది" అని రాస్తే చాలు. మాత్ర పేరు, మి.గ్రా., వేసుకున్న సమయం, ఎంతసేపటికి పనిచేసిందో తప్పక ఉండాలి. నొప్పి లేని రోజున "లేదు" అని రాయండి. ఖాళీగా ఉంటే బాగున్నానో, రాయడం మరిచామో తెలియదు.

ఉన్నట్టుండి ఎన్నడూ లేనంత నొప్పి వచ్చినా, మాట తడబడినా, చెయ్యో కాలో పట్టు తప్పినా డైరీ పక్కన పెట్టి 108కి ఫోను చేయండి.

జూన్ 16, సోమ: లేదు. నిద్ర 6 గంటలు.

జూన్ 17, మంగళ: ఉదయం 10.30కి మొదలు. ఎడమ కణత, కంటి వెనుక, నాడి కొట్టుకున్నట్టు. 11కి 4, ఒంటి గంటకు 7. వికారం ఉంది, వాంతి లేదు. వెలుతురు, పిల్లల అరుపులు భరించలేకపోయాను. అంతకుముందు: టిఫిను తినలేదు, కాఫీ మాత్రమే, ప్రార్థనలో అరగంట ఎండ. పారాసెటమాల్ 650 మి.గ్రా. 1.10కి వేసుకున్నాను. 2.30కి 4, రాత్రి 7కి 0. రెండు తరగతులు తీసుకోలేదు.

జూన్ 18, బుధ: లేదు. మెడ పట్టేసింది, నీరసం.

జూన్ 19, గురు: లేదు.

జూన్ 20, శుక్ర (అమ్మాయి రాసింది): నెలసరి మొదటి రోజు. అమ్మ తెల్లవారుజామున 4కి లేచింది. కళ్ల ముందు వంకర మెరుపు గీతలు 20 నిమిషాలు కనిపించాయట, ఇలా కావడం మొదటిసారి. ఆ తర్వాత కుడివైపు నొప్పి, 9. రెండు వాంతులు. మాట, నడక మామూలుగానే ఉన్నాయి. పారాసెటమాల్ 650 మి.గ్రా. 4.40కి, పది నిమిషాల్లో వాంతి, మాత్ర నిలిచిందో లేదో తెలియదు. 9కి మళ్లీ ఒకటి. సాయంత్రం 4కి 2. బడికి సెలవు. క్లినిక్కుకు ఫోను చేసి మెరుపు గీతల సంగతి చెబితే 30న ఉన్న అపాయింట్‌మెంటును రేపటికి మార్చారు.

డాక్టరును అడగాల్సినవి: మెరుపు గీతలు కనిపించాక కూడా హార్మోను మాత్రలు కొనసాగించవచ్చా? మే నెలలో 12 రోజులు పారాసెటమాల్ వేసుకున్నాను, దానివల్లే నొప్పి పెరుగుతోందా? వాంతులు అవుతుంటే మందు ఎలా తీసుకోవాలి?