గుండె వైఫల్యం స్టడీ: స్క్రీనింగ్ పట్టికలు (వార్డు, ఓపీ సిబ్బందికి)

కొత్త మాత్ర స్టడీకి పేషెంట్లను చూసేటప్పుడు ప్రోటోకాల్‌లోని అర్హత పేరాను చదువుతూ టిక్ పెట్టవద్దు. అందులో ‘లేదా’, ‘మినహా’, ‘అయితే’ ఒకే ఊపిరిలో వస్తాయి, హడావిడిలో కళ్లు వాటిని దాటేస్తాయి. అందుకే ఆ పేరాను విడగొట్టాను. ముందు అసలు పేరా, కింద పట్టికలు.

ప్రోటోకాల్ పేరా

18 ఏళ్లు నిండి, గుండె వైఫల్యం కనీసం 2 నెలల క్రితమే నిర్ధారణ అయి, ఎన్‌వైహెచ్‌ఏ 2 నుంచి 4వ తరగతి లక్షణాలున్నవారిని, గత 12 నెలల్లో తీసిన చివరి ఎకోలో ఎజెక్షన్ ఫ్రాక్షన్ 40 శాతం లేదా అంతకన్నా తక్కువ ఉంటే చేర్చవచ్చు. ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ 600 పికోగ్రాములు/మి.లీ. లేదా ఎక్కువ ఉండాలి. గత 12 నెలల్లో గుండె వైఫల్యంతో అడ్మిట్ అయినవారికి 400 చాలు. అయితే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ఉంటే, అడ్మిట్ అయినా కాకపోయినా 900 ఉండాలి. గుండె వైఫల్యం మందుల డోసు 4 వారాలుగా మారకుండా ఉండాలి, మూత్రం మాత్రలు మినహా. సిస్టాలిక్ బీపీ 95 కన్నా తక్కువ, ఈజీఎఫ్‌ఆర్ 30 కన్నా తక్కువ లేదా డయాలసిస్, పొటాషియం 5.2 కన్నా ఎక్కువ (శాంపిల్ చెడితే ఒకసారి తిరిగి తీయవచ్చు), గత 12 వారాల్లో గుండెపోటు, పక్షవాతం, స్టెంట్ లేదా బైపాస్, గర్భం లేదా బిడ్డకు పాలివ్వడం, గత 30 రోజుల్లో మరో ట్రయల్ మందు: వీటిలో ఏ ఒక్కటి ఉన్నా చేర్చరాదు.

పట్టిక 1: చేర్చే షరతులు (ఇన్‌క్లూజన్). అన్నింటికీ ‘అవును’ రావాలి

| నం. | షరతు | ఎక్కడ చూడాలి |
|---|---|---|
| ఇ1 | వయసు 18 నిండింది | ఆధార్ లేదా కేస్ షీట్ |
| ఇ2 | నిర్ధారణ అయి కనీసం 2 నెలలైంది | మొదటి ఎకో లేదా పాత డిశ్చార్జ్ సమ్మరీ |
| ఇ3 | ఎన్‌వైహెచ్‌ఏ 2, 3 లేదా 4 | డాక్టర్ నోట్ |
| ఇ4 | ఈఎఫ్ 40 లేదా తక్కువ, ఎకో 12 నెలల లోపుది | చివరి ఎకో |
| ఇ5-క | ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ఉంది: ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ 900 లేదా ఎక్కువ | ఈసీజీ, ల్యాబ్ |
| ఇ5-ఖ | అది లేదు, ఏడాదిలో గుండె వైఫల్యంతో అడ్మిట్ అయ్యారు: 400 లేదా ఎక్కువ | డిశ్చార్జ్ సమ్మరీ, ల్యాబ్ |
| ఇ5-గ | రెండూ లేవు: 600 లేదా ఎక్కువ | ల్యాబ్ |
| ఇ6 | మూత్రం మాత్రలు తప్ప మిగతా గుండె వైఫల్యం మందుల డోసు 4 వారాలుగా మారలేదు | చీటీలు, మందుల షీట్లు |

ఇ5లో పేషెంట్‌కు వర్తించేది ఒక్క గీతే. పేరాలో వరుస 600, 400, 900 అయినా నేను ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌ను పైకి తెచ్చాను. ఆ లయ దోషమే ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీని పెంచుతుంది కాబట్టి వారికి గీత ఎత్తులో ఉంటుంది, మిగతా రెండు గీతలను అదే కొట్టేస్తుంది. 2019లో ఫలితాలు వచ్చిన డాపా-హెచ్‌ఎఫ్ ట్రయల్‌లోనూ ఇవే మూడు గీతలున్నాయి. నేను ఇంతకుముందు పనిచేసిన చోట ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ఉన్న పెద్దాయనకు 650 వచ్చింది. ‘పోయిన నెల అడ్మిట్ అయ్యారు కదా, 400 చాలు’ అనుకుని చేర్చేశాం. మందు మొదలయ్యాక తెలిసింది. ఆయన ఇంట్లోవాళ్లకు విషయం చెప్పేటప్పుడు పడ్డ బాధ నాకింకా గుర్తుంది.

ఇ4లో మూడు ఎకోలుంటే అన్నిటికన్నా తక్కువ అంకె వెతకవద్దు, కొత్తదే లెక్క.

పట్టిక 2: చేర్చకూడని షరతులు (ఎక్స్‌క్లూజన్). అన్నింటికీ ‘లేదు’ రావాలి

| నం. | షరతు | ఎక్కడ చూడాలి |
|---|---|---|
| ఎ1 | సిస్టాలిక్ బీపీ 95 కన్నా తక్కువ | ఈరోజు రీడింగ్ |
| ఎ2 | ఈజీఎఫ్‌ఆర్ 30 కన్నా తక్కువ | ల్యాబ్ |
| ఎ3 | డయాలసిస్ జరుగుతోంది | పేషెంట్‌ను అడగాలి, కేస్ షీట్ |
| ఎ4 | పొటాషియం 5.2 కన్నా ఎక్కువ | ల్యాబ్ |
| ఎ5 | 12 వారాల్లో గుండెపోటు, పక్షవాతం, స్టెంట్ లేదా బైపాస్ | డిశ్చార్జ్ సమ్మరీ |
| ఎ6 | గర్భం | పరీక్ష |
| ఎ7 | బిడ్డకు పాలివ్వడం | తల్లిని అడగాలి |
| ఎ8 | 30 రోజుల్లో మరో ట్రయల్ మందు | పేషెంట్, ఇంట్లోవాళ్లు |

ల్యాబ్ స్లిప్‌లో క్రియాటినిన్ ఒక్కటే ఉంటే ఈజీఎఫ్‌ఆర్ లెక్కగట్టాలి: 2021 సీకేడీ-ఈపీఐ సూత్రానికి క్రియాటినిన్, వయసు, స్త్రీయా పురుషుడా అన్నవి కావాలి. క్రియాటినిన్ 1.6 అని చూసి ‘పర్వాలేదులే’ అనుకోవద్దు. 75 ఏళ్ల అమ్మకూ 40 ఏళ్ల మనిషికీ అదే 1.6 ఒక్కటి కాదు.

ఎ4లో 5.4 వచ్చి, ‘హీమోలైజ్డ్’ అని ల్యాబ్ రాసి ఉంటే రక్తకణాలు పగిలి పొటాషియం బయటికి వచ్చిందన్నమాట. ఒకసారి మాత్రమే తిరిగి తీయండి. రెండో అంకె ఏదైనా అదే ఖాయం.

సమాచారం దొరకకపోతే ‘తెలియదు’ అని రాయండి. ఖాళీగా ఉన్న గడిని ‘లేదు’ అని లెక్కేయకండి. ఒక్క ‘తెలియదు’ ఉన్నా ఇన్వెస్టిగేటర్ డాక్టర్‌గారు చూసి సంతకం పెట్టేదాకా పేషెంట్ ‘పెండింగ్’లోనే ఉంటారు.

స్టడీ కోసం తీసే రక్తం అంగీకార పత్రం మీద సంతకం అయ్యాకే తీయాలి. చదవలేని పేషెంట్ అయితే మన టీమ్‌కు చెందని సాక్షి పక్కన ఉండగా పత్రమంతా చదివి వినిపించి, వేలిముద్ర తీసుకుని, సాక్షి సంతకంతో పాటు తేదీ, టైమ్ వేయించండి.